ముఖ్యాంశాల బాక్సులో నేను వదిలేసిన వాక్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఉన్న కిడ్నీ జబ్బు మీద నేను ఒక పెద్ద వ్యాసం రాశాను. అచ్చులో వేస్తే పది పన్నెండు పేజీలు వస్తుంది. అంత పొడుగు వ్యాసం ఫోన్‌లో చదవడం కష్టమని, పైన ఒక ముఖ్యాంశాల బాక్స్ పెట్టాను. మొదట పెట్టిన బాక్సును ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను.

• ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎప్పుడు, ఎలా బయటపడింది
• తాగునీటిలో సిలికా, భార లోహాలపై ఉన్న అనుమానాలు
• ఎండలో పని, పురుగుమందులు, వంశపారంపర్యం: పరిశోధనలు ఏమంటున్నాయి
• ఏయే పరీక్షలు చేయించుకోవాలి
• పలాస ఆసుపత్రి, హిరమండలం నీళ్లు: ఇప్పటివరకు జరిగిన పనులు

చూస్తే పొందికగానే ఉంది. వ్యాసంలో ఉన్న ఐదు భాగాలకు ఐదు లైన్లు. నేను కూడా బాగుందనే అనుకున్నాను. కవిటి దగ్గర మా పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లేదాకా అలాగే అనుకున్నాను.

పిన్నికి అరవై దాటాయి. చాలా ఏళ్లు జీడిపిక్కల పనికి వెళ్లింది. రోజంతా కింద కూర్చుని చేసే పని కాబట్టి మోకాళ్లు అరిగిపోయాయి. నేను వెళ్లేసరికి వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కొత్తగా తెప్పించిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్.

"నువ్వు రాసింది మనవడు సదివి సెప్పాడురా. మన నీళ్లు మంచివి కావంట గదా. బోరు నీళ్లు మానేసి క్యాన్ తెప్పించుకుంటన్నాం" అంది సంతోషంగా. అంటూనే దిండు కింద నుంచి మాత్రల షీటు తీసి, ఒక మాత్ర అరచేతిలోకి నొక్కుకుని, ఆ క్యాన్ నీళ్లతోనే వేసుకుంది. ఏం మాత్ర అని అడిగాను. మోకాళ్లకు అంది. రోజూ వేసుకుంటావా అంటే, "ఏసుకోకపోతే లెగనేనురా" అంది.

నొప్పి మాత్రల గురించి నా వ్యాసంలో రెండు పేరాలు ఉన్నాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీలోకి రక్తం వెళ్లే దారిని తెరిచి ఉంచే పదార్థాలను అడ్డుకుంటాయని, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిన మనిషి వాటిని వేసుకుంటే దెబ్బ మరింత గట్టిగా తగులుతుందని రాశాను. డాక్టర్ చెప్పకుండా వాటిని నెలల తరబడి వాడటం కిడ్నీలకు మంచిది కాదని కూడా రాశాను. ఆ రెండు పేరాలు ఎక్కడున్నాయి? మూడో భాగం మధ్యలో, పురుగుమందుల చర్చ అయ్యాక. బాక్సులో వాటి ఊసే లేదు.

మా పిన్ని మనవడు ఇంటర్ చదువుతున్నాడు. బద్ధకస్తుడేమీ కాదు. వాడు బాక్సు చదివాడు, కొంచెం కిందికి జరిపి చూశాడు, నాయనమ్మకు అర్థమైనంత చెప్పాడు. ఎవరైనా చేసేది అదే. ఆ బాక్సులోంచి ఆ ఇంటికి చేరింది ఒక్క మాట, "నీళ్లు". అది నేను తేల్చి చెప్పిన విషయం కాదు. తేల్చి చెప్పగలిగిన విషయమేమో చేరనే లేదు. అప్పటి నుంచి బాక్సు రాయడాన్ని నేను వ్యాసం రాయడంకన్నా పెద్ద పనిగా చూస్తున్నాను. ఆ పని ఎలా చేయాలని నేను అనుకుంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి తప్పు పైకే కనిపిస్తుంది. నా ఐదు లైన్లలో ఒక్కటి కూడా విషయం చెప్పే వాక్యం కాదు. అన్నీ శీర్షికలే. "ఏయే పరీక్షలు చేయించుకోవాలి" అన్న లైను చదివితే, పరీక్షల గురించి కింద ఏదో ఉందని తెలుస్తుంది. ఏ పరీక్షో తెలియదు. అది విషయసూచిక. పుస్తకానికి విషయసూచిక కావలసిందే, పేజీ తిప్పుకోవడానికి పనికొస్తుంది. ముఖ్యాంశాల బాక్సుకు ఆ పని అప్పగించకూడదు. కిందికి వెళ్లని మనిషి చేతిలో కూడా అది ఏదో ఒకటి పెట్టాలి.

మనకు ఇది కొత్త సంగతి కాదు. చిన్నప్పుడు రేడియోలో వార్తలకు ముందు ముఖ్యాంశాలు చదివేవాళ్లు. "తుఫాను గురించిన వివరాలు" అని ఎప్పుడూ చదవలేదు. తుఫాను ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఎప్పటికి తీరం దాటుతుంది, ఇదంతా ఒక్క వాక్యంలో వచ్చేది. ఆ తర్వాత రేడియో కట్టేసి పనికి వెళ్లిపోయిన మనిషికి కూడా వార్త తెలిసేది. అంతకుముందు ఊళ్లో టముకు వేసేవాళ్లు. టముకు వేసేవాడికి వీధి మలుపులో నిలబడి చెప్పే రెండు మాటలే ఉంటాయి. రేపు పొద్దున ఫలానా చోట పశువులకు టీకాలు, తోలుకు రావాలహో. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు రావాలి. "పశువైద్య శిబిరంపై సమాచారం" అని టముకు వేస్తే ఒక్క ఆవు కూడా కదలదు.

కాబట్టి మొదటి సవరణ, ప్రతి లైనూ విషయాన్ని చెప్పేసే పూర్తి వాక్యం కావాలి. కానీ ఇది చేసినంత మాత్రాన బాక్సు బాగుపడదు. శీర్షికలన్నింటినీ వాక్యాలుగా మార్చి చూశాను. "ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి 1990ల నుంచి బయటికి వచ్చింది" అని వచ్చింది. వాక్యమే, నిజమే. మా పిన్నికి దానితో పని లేదు. అసలు చిక్కు వాక్యాలను ఎంచుకోవడంలో ఉంది.

ఎంచుకోవడానికి నేను చేసిన పని ఇది. వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, నేను గట్టిగా చెప్పిన ప్రతి విషయాన్నీ ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యంగా రాశాను. ఇరవై ఆరు చీటీలు వచ్చాయి. వాటిని నేల మీద పరిచి, ఒక్కో చీటీకి రెండు ప్రశ్నలు వేశాను. మొదటిది, ఈ ఒక్కటి తెలిస్తే మనిషి రేపు ఏదైనా వేరుగా చేస్తాడా, వేరుగా అనుకుంటాడా? రెండోది, ఇది చెప్పకపోతే, మిగతావి మాత్రమే చదివిన మనిషి తప్పుదారి పడతాడా?

మొదటి ప్రశ్నకే చాలా చీటీలు పక్కకు పోయాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల పేర్లు ఒక చీటీ నిండా ఉన్నాయి. ఆ మండలాల్లో ఉన్నవాళ్లకు తాము ఎక్కడున్నారో నేను చెప్పక్కర్లేదు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని చెప్పుకునే కథ, జీడి, కొబ్బరి, పనస తోటల వర్ణన వ్యాసానికి ప్రాణం. ఆ పేరాలు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. బాక్సుకు పనికిరావు. కష్టపడి సంపాదించిన విషయాన్ని పైన పెట్టాలని మనసు పీకుతుంది. నేను ఎంత కష్టపడ్డానన్నదానికీ చదివేవాళ్ల అవసరానికీ సంబంధం లేదని ఆ చీటీని పక్కన పెట్టేటప్పుడు గట్టిగా చెప్పుకోవలసి వచ్చింది.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయన్న చీటీ దగ్గర చాలాసేపు ఆగాను. మొదటి ప్రశ్నకు అది నిలబడుతుంది, ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది కాబట్టి. కానీ ఉద్దానంలో ఆ ఆసుపత్రి సంగతి తెలియనివాళ్లు అరుదు. బయటి జిల్లాలవాళ్ల కోసం రాసి ఉంటే దాన్ని ఉంచేవాణ్ణి. అంటే ఒకే వ్యాసానికి, చదివేవాళ్లను బట్టి బాక్సు మారుతుంది. వ్యాసం రాసేటప్పుడు ఎవరి కోసమో గట్టిగా అనుకోకపోయినా గడుస్తుంది. బాక్సు దగ్గర మాత్రం ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవలసిందే. నేను మా పిన్నినే కూర్చోబెట్టుకున్నాను.

రెండో ప్రశ్న మొదటిదానికన్నా బలమైనది. నొప్పి మాత్రల చీటీ మీద నాకు కళ్లు తెరిపించింది అదే. వ్యాసంలో ఆ విషయం చిన్నది, రెండే పేరాలు. భాగాలను బట్టి బాక్సు నింపితే దానికి ఎప్పటికీ చోటు దొరకదు. చోటు ఇవ్వకపోతే ఏమవుతుందో వసారాలో చూశాను. నీళ్లు మార్చుకున్న మనిషి గండం తప్పిందని నిశ్చింతగా ఉంది, చేతిలో మాత్ర అలాగే ఉంది. వ్యాసంలో ఒక విషయం ఎంత చోటు తీసుకుందో చూసి బాక్సులో దాని స్థానం నిర్ణయించకూడదని అప్పుడే అర్థమైంది. విషయసూచికలా రాసిన బాక్సులో నాకు కనిపించే అసలు లోపం కూడా ఇదే. అది వ్యాసం ఆకారాన్ని చూపిస్తుంది. చదివేవాడి అవసరం వేరే ఆకారంలో ఉంటుంది.

ఇక అనుమానాల సంగతి. పెద్ద వ్యాసాన్ని చిన్నది చేసేటప్పుడు ముందు రాలిపోయేవి "కావచ్చు", "అనుమానం", "ఇంకా తేలలేదు" లాంటి మాటలే. అవి పొట్టు అనిపిస్తాయి, గింజ ఉంచుకుని పొట్టు చెరిగేశామనుకుంటాం. ఉద్దానం విషయంలో గింజే అది. బీపీ, షుగర్ లేనివాళ్లకు కూడా ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇదీ కారణమని తేల్చి చెప్పే స్థితి ఇంకా రాలేదు. నీళ్లలో సిలికా, లోహాలు, మండుటెండలో నీరు తాగకుండా చేసే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశంలో వచ్చే లక్షణాలు, ఇవన్నీ విడివిడిగానో కలిసో పనిచేస్తున్నాయన్నది అనుమానం. నొప్పి మాత్రలు ఉద్దానం జబ్బుకు మూలమని నేను అనడం లేదు. అవి ఎక్కడి మనిషి కిడ్నీనైనా దెబ్బతీయగలవు, అది తెలిసిన విషయం. ఈ రెండింటి తేడా బాక్సులో కూడా నిలవాలి.

ఇక్కడ మన భాషతో ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో అవునో కాదో చివరి క్రియ దగ్గరే తేలుతుంది. "ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు తాగునీటిలో ఉన్న సిలికా, భార లోహాలే కారణమని ఇప్పటివరకు జరిగిన పరిశోధనల్లో నిర్ధారణ కాలేదు" అని రాశాననుకోండి. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. ఫోన్‌లో పైపైన చూసే కన్ను "సిలికా, భార లోహాలే కారణమని" దాకా వచ్చి తర్వాతి లైనుకు దూకుతుంది. మెసేజీలో పంపితే కొన్నిసార్లు సగం వాక్యమే కనిపించి తక్కినది కింద దాక్కుంటుంది. "కాలేదు" అన్న మాట దగ్గరికి ఎవరూ రారు. నేను చెప్పినదానికి సరిగ్గా ఎదురు అర్థం ఊరంతా తిరుగుతుంది.

అందుకని బాక్సులో అనుమానాన్ని ముందే పొట్టి వాక్యంగా తెంపి చెప్పేయాలి. "కారణం ఇంకా తేలలేదు." ఫుల్‌స్టాప్. ఆ తర్వాత, "నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, అన్నీ అనుమానాలే." సగంలో ఆపేసినా మొదటి ముక్క చేరిపోతుంది. బాక్సులో వాక్యం పొట్టిగా ఉండాలని అందరూ అంటారు. నా మటుకు నాకు అందం కోసం కాదు, "లేదు" అన్న మాట తొందరగా రావడం కోసం పొట్టిగా ఉండాలి.

అంకెల విషయంలో నేను రెండుసార్లు మనసు మార్చుకున్నాను. బాక్సులో ఒక అంకె ఉంటే జనానికి గుర్తుంటుందని మొదట "క్రియాటినిన్ 1.3 దాటితే జాగ్రత్త" అని రాశాను. కిడ్నీలు రక్తంలోంచి వడపోసి బయటికి పంపే వ్యర్థం క్రియాటినిన్, రక్త పరీక్షలో దాన్ని కొలుస్తారు. రాశాక లెక్క వేసి చూసుకున్నాను. డాక్టర్లు క్రియాటినిన్‌ను వయసుతో, ఆడా మగా అన్నదానితో కలిపి ఈజీఎఫ్ఆర్ అనే అంకె కడతారు. కిడ్నీ నిమిషానికి ఎంత వడపోస్తోందో చెప్పే అంచనా అది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.3 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 78 దగ్గర వస్తుంది. అదే 1.3 అరవై ఏళ్ల ఆడమనిషికి ఉంటే 47 వస్తుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. అంటే ఒకే అంకె ఒకరికి ఫరవాలేదని చెబుతోంది, ఇంకొకరికి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెబుతోంది. 1.2 వచ్చిన మా పిన్ని ఈడు మనిషి నా బాక్సు చదివి, 1.3 దాటలేదు కదా అని ఊపిరి పీల్చుకుంటే? లెక్క వేస్తే ఆమెకు కూడా అరవైకి తక్కువే వస్తుంది.

వ్యాసంలో ఈ అంకె ఉండొచ్చు, చుట్టూ వివరణ ఉంటుంది కాబట్టి. బాక్సులోకి ఒంటరిగా వస్తే అబద్ధం అవుతుంది. ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఏమిటంటే, షరతు లేకుండా నిలబడలేని అంకెను షరతుతో సహా బాక్సులోకి తేవాలి, షరతుకు చోటు లేకపోతే అంకెను తీసేయాలి. అందుకే 1.3 పోయింది, 60 ఉంది. 60 పక్కన "మూడు నెలలకు పైగా" అన్న మాట కూడా ఉంది. ఆ మూడు మాటలు మిగుల్చుకుందామని తీసేస్తే, ఒక్కరోజు విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు పరీక్ష చేయించుకున్న మనిషి తనకు జన్మంతా పోని జబ్బు వచ్చిందని టెన్షన్ పడతాడు.

చాలా ఏళ్లు పత్రికలో పనిచేసిన స్నేహితుడు ఒకడు ఉన్నాడు. ఈ బాక్సు చిత్తుప్రతి చూసి, "అంతా పైనే చెప్పేస్తే కింద ఎవరు చదువుతారు? కొంచెం ఊరించాలి కదా" అన్నాడు. వాడి మాటను తేలిగ్గా తీసేయలేను. కింద తోటల గురించి, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చే ఇళ్ల గురించి రాసింది చదవాలనే నాకూ ఉంటుంది. అయినా ఒప్పుకోలేకపోయాను. ఊరించే బాక్సు, కిందికి వెళ్లలేని మనిషి దగ్గర విషయాన్ని దాచిపెడుతుంది. కిందికి వెళ్లలేనివాళ్లు ఎవరు? సాయంత్రం దాకా పనిచేసి వచ్చి, మనవడు చదివితే వినేవాళ్లు. వాళ్ల జబ్బు గురించి రాసి, వాళ్లకే చెప్పకుండా ఆపడం నాకు సమ్మతం కాదు. పైగా పూర్తి వాక్యం ఇచ్చినందుకు కింద చదవడం మానేస్తారన్నది నిజం కాదని నా నమ్మకం. "కారణం ఇంకా తేలలేదు" అని చదివిన మనిషికే ఎందుకు తేలలేదన్న ప్రశ్న పుడుతుంది. "కారణాలపై చర్చ" అని చదివినవాడికి ఏ ప్రశ్నా పుట్టదు.

వైద్య పత్రికలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో పరిశోధన వ్యాసాల పైన ఒక చిన్న బాక్సు వేస్తారు. ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, దాని అర్థం ఏమిటి అని మూడు ముక్కలు. తేలింది వేరు, దాని అర్థం వేరు అని విడదీయడం నాకు బాగా నచ్చింది. బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో, ఇదివరకే తెలిసింది ఏమిటి, ఈ అధ్యయనం కొత్తగా చేర్చింది ఏమిటి అని రెండు ముక్కలుగా ఇస్తారు. ఆ మూస యథాతథంగా మనకు నప్పదు, అవి డాక్టర్ల కోసం రాసినవి. కానీ తెలిసినదాన్ని, తెలియనిదాన్ని బాక్సులోనే వేరు చేయాలన్న పట్టుదల మనమూ తెచ్చుకోవలసిందే.

అన్ని వ్యాసాలకూ బాక్సు పెట్టాలని కూడా నేను అనను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గురించి, తెల్లారాక కొబ్బరి తోటలు పడిపోయి ఉన్న తీరు గురించి ఇంకో వ్యాసం రాశాను. దాని పైన "ముఖ్యాంశాలు: చెట్లు కూలిపోయాయి" అని పెడితే ఏమన్నా ఉంటుందా? దాంట్లో చదివేవాళ్లు పట్టుకెళ్లి వాడుకోవలసిన మాట లేదు, కూర్చుని ఆ రాత్రి గడపాలి అంతే. చీటీల పని చేసినప్పుడు మొదటి ప్రశ్నకు ఒక్క చీటీ కూడా నిలబడకపోతే ఆ వ్యాసానికి బాక్సు అక్కర్లేదని అర్థం.

బాక్సును చివర్లోనే రాయాలి, వ్యాసం మారిన ప్రతిసారీ ముందు బాక్సునే చూడాలి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం గురించి కింద రాసింది నేను తర్వాత మార్చాను, పైన మార్చడం మరిచిపోయాను. కొన్నాళ్లు నా వ్యాసం పైన ఒకటి, కింద ఒకటి చెప్పింది. కింద సరిచేసింది ఎవరూ గమనించలేదు, పైన ఉన్న పాత మాటనే అందరూ పట్టుకున్నారు. తొందరగా పాతబడే విషయాన్ని వీలైతే బాక్సులోకి తేకపోవడమే మేలని అప్పటి నుంచి అనుకుంటున్నాను.

ఇరవై ఆరు చీటీల్లో చివరికి నాలుగు మిగిలాయి. ఒక ఫోన్ తెర మీద జరపకుండా కనిపించేంత. ఇంకో రెండు పెట్టే చోటుంది. ఆ రెండూ పెడితే మొదటి నాలుగూ పలచబడతాయని పెట్టలేదు. వరుస కూడా వ్యాసం వరుస కాదు. ఈ రాత్రికే చేయగలిగింది ముందు, ఈ నెలలో చేయగలిగింది తర్వాత, తెలుసుకుని ఊరుకోవలసింది చివర.

• డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్ చెప్పకుండా రోజూ వాడొద్దు. కిడ్నీలను దెబ్బతీస్తాయి.
• ఒంట్లో ఏ బాధా లేకపోయినా, బీపీ, షుగర్ లేకపోయినా ఈ జబ్బు ఉండొచ్చు. రక్త, మూత్ర పరీక్షలతోనే తెలుస్తుంది.
• రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూసుకోవద్దు, ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే కిడ్నీ జబ్బే.
• కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, అన్నీ అనుమానాలే. నీళ్లు మార్చుకున్నంత మాత్రాన పరీక్ష మానొద్దు.

ఇది పట్టుకుని మళ్లీ కవిటి వెళ్లాను. బాక్సు బాగుందా అని అడగకూడదని ముందే అనుకున్నాను. బాగుందా అంటే బాగుందనే అంటారు. మనవడి చేత నాలుగు లైన్లూ చదివించి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు పిన్నీ?" అని అడిగాను.

పరీక్షకు వెళ్తానంది. రిపోర్టులో ఆ రెండో అంకె అడగాలని మనవడికి అప్పజెప్పింది. మాత్రల గురించి మాత్రం తొణకలేదు. "నేనేసుకునేయి అయ్యి కావురా. నాయి వేరే" అంది. షీటు తెమ్మన్నాను. దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు, అది మా పిన్నికి నోటికి వచ్చు. వెనకాల వెండి రేకు మీద, మాత్రలు నొక్కిన చోట చిరిగిపోయి, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో డైక్లోఫెనాక్ సోడియం అని ఉంది. మనవడు ఫోన్ లైటు వేసి చూస్తే గానీ కనపడలేదు.

నేను మందుల పేర్లు సరిగ్గా రాశాననుకున్నాను. ఆమె వాటిని ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. మోకాళ్ల బిళ్ల అంటుంది. అక్కడే కూర్చుని ఆ లైను కొట్టేసి మళ్లీ రాశాను.

• మోకాళ్లకు, నడుముకు, ఒళ్లు నొప్పులకు రోజూ మాత్రలు వేసుకుంటున్నారా? వాటిలో చాలా రకాలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఖాళీ షీటైనా సరే, డాక్టరుకు చూపించి అడగండి.

మనవడు చదివాడు. పిన్ని షీటును చేతిలో అటూ ఇటూ తిప్పింది. కాసేపటికి, "మరి మోకాళ్లకేటి సెయ్యాలిరా?" అంది.

దానికి నా బాక్సులో జవాబు లేదు. బాక్సులోనే కాదు, వ్యాసంలో కూడా లేదు. ఆ మాత్ర మానమని రెండు పేరాలు రాసిన నేను, మానేసిన మనిషి మర్నాడు పొద్దున్న మంచం మీద నుంచి ఎలా లేవాలో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఎముకల డాక్టరు ఒకాయన్ని, కిడ్నీ డాక్టరు ఒకాయన్ని కలిసి ఆ భాగం కోసం వివరాలు రాసుకుంటున్నాను. కిడ్నీ జబ్బు భయం ఉన్నవాళ్లు కీళ్ల నొప్పులకు ఏం వాడొచ్చు, కాపడం, వ్యాయామం ఎంతవరకు పనికొస్తాయి, కింద కూర్చుని చేసే పనిలో పీట ఎత్తు ఎంత ఉండాలి అని అడుగుతున్నాను. అది పూర్తయ్యేదాకా బాక్సులో మొదటి లైను కింద కొంచెం చోటు ఖాళీగా ఉంచాను.